మొదటి కట్టు తర్వాత పాదం ఇంకా వంకరగా కనిపిస్తే తప్పు వేసినట్టా?

ప్రశ్న: మా అక్క బాబుకు పుట్టినప్పుడే కుడి పాదం లోపలికి తిరిగి ఉంది, క్లబ్ ఫుట్ అన్నారు. గుంటూరులో 12వ రోజున మొదటి పిండికట్టు వేశారు. కట్టులో చూస్తే అరికాలు పైకి చూస్తోంది, ముందుకన్నా ఎక్కువ వంకర అనిపిస్తోంది. మడమను అసలు ముట్టుకోలేదు. అడిగితే "అది చివర్లో" అన్నారు. డాక్టర్‌ని మార్చాలా? ఎవరికైనా అనుభవం ఉందా?

జవాబు:

మాదీ గుంటూరే. మా బాబుకి కూడా కుడి పాదమే, మొదటి కట్టు 11వ రోజున వేశారు. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు దాటాయి. ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ, తువ్వాలు పక్కకు తీసి ఆ కట్టు చూసుకుని నేనూ ఏడ్చాను. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి కట్టు అలాగే కనిపించాలి. ఎందుకో తెలిస్తే మీ అక్కకు సగం టెన్షన్ తగ్గుతుంది.

బయటికి ఒక్క వంకరలా కనిపిస్తుంది గానీ అందులో నాలుగు కలిసి ఉంటాయి. మొదటిది అరికాలి మధ్యలో లోతుగా ఉండే గొయ్యి, దాన్ని కేవస్ అంటారు. బొటనవేలి వైపు ఎముక మిగతా వేళ్ల ఎముకల కన్నా కిందికి దిగిపోవడం వల్ల అలా అవుతుంది. రెండోది పాదం ముందు సగం లోపలికి తిరగడం, అంటే అడక్టస్. మూడోది మడమ లోపలికి వాలడం, వారస్. నాలుగోది మడమ పైకి లాగేసి పాదం కిందికి వేలాడటం, ఈక్వినస్. వెనక ఉండే లావుపాటి తాడు, అదే ఎకిలిస్ టెండన్, పొట్టిగా బిగుసుకుపోవడం దీనికి పెద్ద కారణం.

స్పెయిన్‌లో పుట్టిన పోన్సెటి అనే డాక్టర్ 1940ల చివర్లో అమెరికాలోని అయోవాలో ఈ కట్ల పద్ధతి మొదలుపెట్టారు. ఆయన పద్ధతికి ప్రాణం వరుసే. ముందు గొయ్యి, తర్వాత పాదాన్ని బయటికి తిప్పడం, మడమ పైకి లాగిన సంగతి అన్నిటికన్నా ఆఖరున.

మొదటి కట్టులో డాక్టర్ చేసేది ఒక్కటే. బొటనవేలి మొదట్లో కింద వేలు పెట్టి, ఆ దిగిపోయిన ఎముకను పైకి ఎత్తి మిగతా వాటి వరసలోకి తెస్తారు. వెనక భాగం ఇంకా లోపలికే వాలి ఉంటుంది కాబట్టి, ముందు భాగాన్ని దానికి సరిసమానం చేసేసరికి అరికాలు మొత్తం పైకి చూస్తుంది. అందుకే మీకు వంకర పెరిగినట్టు అనిపిస్తోంది. నిజానికి అరికాలి మధ్య గొయ్యి పోయిందా లేదా అన్నదే అక్కడ చూడాల్సింది. రెండో కట్టుకి వెళ్లి పాతది విప్పినప్పుడు అరికాలి మీద వేలితో రాసి చూడండి. మా వాడికి ఆ లోతు మడత ఒక్క వారంలోనే పోయింది.

రెండో కట్టు నుంచి పాదాన్ని బయటికి తిప్పుతారు. మా డాక్టర్ దీన్ని తిరగలితో పోల్చి చెప్పారు. తిరగలిలో కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. పాదంలో అది తలకిందులు. చీలమండ కీలులో ఇరుక్కుని ఉండే టేలస్ అనే ఎముక కదలదు, దాని కింద పాదమంతా ఒక్కటిగా తిరుగుతుంది. చీలమండ గుబ్బకు కాస్త ముందు, పాదం బయటి వైపు చేతికి బుడిపెలా తగిలేది ఆ టేలస్ తలే. డాక్టర్ ఒక బొటనవేలు దాని మీద ఆనించి, ఇంకో చేత్తో పాదం ముందు భాగాన్ని మెల్లగా బయటికి తెస్తారు. అలా తెచ్చేకొద్దీ మడమ ఎముక దానంతటదే టేలస్ కిందకి సర్దుకుంటుంది. లోపలికి వాలిన వంకర మడమను పట్టుకోకుండానే పోతుంది. మడమను పట్టుకుంటే ఆ సర్దుబాటుకే అడ్డం. "ముట్టుకోలేదు" అని మీరు ఫిర్యాదుగా రాసింది నాకు మంచి గుర్తులా కనిపించింది.

ఇక పైకి లాగిన మడమ. దాన్ని ముందే సరిచేద్దామని పాదాన్ని కింద నుంచి పైకి నెట్టారనుకోండి. వెనక తాడు బిగుసుకునే ఉంది, మడమ దిగదు. ఆ ఒత్తిడంతా పాదం మధ్యలో పడి అరికాలు బయటికి ఉబ్బుతుంది, పడవ అడుగులా. రాకర్ బాటమ్ అంటారు. పైనుంచి చూస్తే పాదం సూటిగానే ఉందనిపిస్తుంది, పక్కనుంచి చూస్తేనే మడమ ఇంకా పైనే ఉందని తెలుస్తుంది. అది సరిచేయడం మొదటి వంకర కన్నా కష్టం.

మా ఇంట్లో ఇంకో గొడవ. గ్రహణం నాడు నేను బయటికి వచ్చానని అత్తయ్య బాధ, నూనె రాసి రోజూ పైకి ఒత్తితే పోయేదని ఆవిడ నమ్మకం. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని డాక్టర్ చెప్పారు, ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదనుకోండి. ఆ పైకి ఒత్తడం గురించే నేను పైన రాసింది. మీ ఇంట్లోనూ ఎవరైనా మొదలుపెడితే ఆపండి.

కట్టు తొడ మొదలు దాకా, మోకాలు సమకోణంలో వంచి వేశారా? అది తప్పకుండా చూడండి. మోకాలి కిందే ఆపేస్తే రెండు నష్టాలు. తిప్పిన తిప్పు నిలవదు, పైగా గుండ్రటి పిల్లకాలు నుంచి కట్టు జారిపోతుంది. మా కథ పాడైంది ఆ జారడం దగ్గరే.

మూడో కట్టు 25వ రోజున వేశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఐదు వేళ్లూ బయటికి, బఠానీ గింజల్లా కనిపిస్తున్నాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే వేళ్ల కొనలే కనిపిస్తున్నాయి. వాడు ఏడవడం తగ్గింది, "కట్టు వదులై హాయిగా ఉంది" అన్నారు ఇంట్లో. నేను క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఇచ్చిన తేదీకే రమ్మన్నారు. సరే అని ఊరుకున్నాను. మూడు రోజుల తర్వాత విప్పితే మడమ మీద ఎర్రగా పుండు, పాదం వాచి పొట్టిగా కనిపిస్తోంది. వేళ్లు లోపలికి వెళ్లాయంటే కట్టు వదులవడం కాదు, కాలు పైకి జారింది. లోపల మడమ ఉండాల్సిన చోట మడమ లేదు, తప్పు చోట్ల ఒత్తుకుపోతోంది. జారిన కట్టును అలాగే ఉంచితే మామూలు క్లబ్ ఫుట్ కాస్తా మొండిదిగా మారుతుంది. పాదం పొట్టిగా లావై, అరికాలికి అడ్డంగా లోతు మడత పడి, బొటనవేలు పైకి లేస్తుంది. మాది అంతదాకా పోలేదు, వారం ఖాళీగా వదిలి పుండు మానాక మళ్లీ వేశారు. నేను మాత్రం డాక్టర్‌ని మార్చాను. కట్టు జారడానికి కాదు, ఫోన్‌లో ఆ జవాబుకి.

ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్నది ఇదీ. ఇంటికి రాగానే వేళ్ల ఫోటో, ఆపై రోజూ పొద్దునా సాయంత్రం అదే కోణంలో ఇంకోటి. ఒక్క మిల్లీమీటరు తేడా అయినా పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. బొటనవేలి కొనను నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో గులాబీ రంగు రావాలి. రాకపోయినా, వేళ్లు నీలంగానో చల్లగానో ఉన్నా, వేళ్లు లోపలికి వెళ్లినా తేదీ కోసం ఆగొద్దు, ఆ రోజే వెళ్లి విప్పించండి. ఆదివారమైతే ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకైనా సరే.

కట్టు వేసే రోజున బాబుని కాస్త ఆకలితో తీసుకెళ్లండి. నేను పాలిస్తుంటే, వాడు కాలు వదులుగా పెట్టేవాడు, ఆ రెండు మూడు నిమిషాల్లో డాక్టర్ పని అయిపోయేది. వారానికి ఒక్కసారి పాత కట్టు తీసి కొత్తది వేసే మధ్యలోనే కాలికి స్నానం. కట్టును ముందు రోజు రాత్రే ఇంట్లో నానబెట్టి తీసేయొద్దు, ఆ రాత్రికే పాదం కొంత వెనక్కి పోతుంది.

మామూలుగా ఐదారు కట్లతో పాదం బయటికి 60 నుంచి 70 డిగ్రీల దాకా తిరుగుతుంది. చూడటానికి వింతగా, బాతు కాలిలా ఉంటుంది. అంత ఎందుకంటే తర్వాత కొంత వెనక్కి వస్తుందని ముందే లెక్క వేస్తారు. మాకు ఆ వారం నష్టం వల్ల మొత్తం ఏడు పట్టాయి. అప్పుడే మడమ సంగతి. పాదాన్ని పైకి ఎత్తితే 15 డిగ్రీలైనా రాకపోతే వెనక తాడును చిన్న బ్లేడుతో తెంపుతారు. ఎక్కువమంది పిల్లలకు ఇది అవసరమే అవుతుంది. "నరం కోస్తారట" అని మా ఊళ్లో భయపెట్టారు. అది నరం కాదు, కండను ఎముకకు పట్టి ఉంచే తాడు. మందు ఇంజెక్షన్‌తో మొద్దుబారించి చేశారు, కుట్టు లేదు, ఐదు నిమిషాలు. తర్వాత వేసిన కట్టు మూడు వారాలు ఉంటుంది, ఆ లోపు తాడు పొడుగై మళ్లీ అతుక్కుంటుంది. అదొక్క కట్టు మాత్రం వారానికి మార్చరు, ఎందుకు మార్చలేదని కంగారు పడకండి.

తర్వాత రెండు బూట్లనూ ఒక కడ్డీతో కలిపి వేసే కడ్డీ బూట్ల సంగతి వేరే పెద్ద కథ. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపై నాలుగేళ్ల వరకు నిద్రలో వేయాలి. కట్లు బాగా పడినా ఈ బూట్లు మానేసిన పిల్లలకు వంకర తిరిగి వస్తుంది. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, పుట్టుకతో వచ్చే లోపాలకు ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకంలో క్లబ్ ఫుట్ కూడా ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో ఎముకల విభాగంలో అడగండి.

డాక్టర్‌ని మార్చాలా అన్నదానికి వస్తే, ఇప్పటికి మీరు చెప్పిన దాంట్లో మార్చాల్సిన కారణం ఏదీ లేదు. కట్టు మోకాలి కిందే ఆగి ఉంటేనో, వచ్చే వారం పాదాన్ని బయటికి తిప్పకుండా కింద నుంచి పైకి నెడుతూ కట్టు వేస్తేనో, "నెల తర్వాత రండి" అంటేనో అప్పుడు ఇంకొకరికి చూపించండి. రెండో కట్టు అయ్యాక వేళ్ల ఫోటో తీసి ఉంచమని అక్కకు ఈ రోజే చెప్పండి.