కనిపించేది ఐదు వరుసలు, పంపేది 5,840 మంది ఖాతాలు

సార్, మాది అనంతపురం. ఒక స్వచ్ఛంద సంస్థలో లెక్కలు చూస్తాను. 31 మండలాల పట్టికను స్లైడ్‌లో పెడితే చీమల బారులా ఉందని మా మేనేజర్ కోప్పడ్డారు. ముఖ్యమైన నాలుగైదు వరుసలే ఉంచి, ఒక్క గడిని మాత్రం హైలైట్ చేయాలి. మిగతా వరుసలు హైడ్ చేసి కొత్త షీట్‌లోకి కాపీ చేస్తే దాచినవి కూడా వచ్చేస్తున్నాయి. పవర్‌పాయింట్‌లో Embed పెడితే మాత్రం చక్కగా వస్తోంది. అదే పెట్టి వాట్సాప్ గ్రూపులో పంపేయొచ్చా? స్లైడ్ జతచేశాను, చూడగలరు.

పంపకండి. మీరు జతచేసిన స్లైడ్‌లో ఆ పట్టిక మీద రెండుసార్లు క్లిక్ చేశాను. ఎక్సెల్ తెరుచుకుంది. దాచిన 26 మండలాలు అందులోనే ఉన్నాయి. కింద ఇంకో షీట్ కనిపిస్తే దాని మీద నొక్కాను. డ్రిప్ సెట్లు తీసుకున్న 5,840 మంది రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు వరుసగా కనిపించాయి. నేను ఆ ఫైలు తీసేశాను. మీరు కూడా ఆ స్లైడ్ ఇంకెవరికైనా పంపి ఉంటే ముందు ఆ పని చూడండి, ఈ జవాబు తర్వాత చదవొచ్చు.

ఇలాంటి ఉత్తరం నాకు ఇది మొదటిది కాదు. అడిగేది ప్రతిసారీ వరుసలు తగ్గించడం గురించే. జతచేసిన ఫైలులో మాత్రం ఎవరి జీతాల పట్టికో, ఎవరి మార్కుల జాబితానో ఉంటుంది. Embed అనే ఆ చిన్న బొమ్మ మీద నొక్కితే మీరు ఎంచుకున్న గళ్ళు మాత్రమే స్లైడ్‌లోకి వెళ్తాయని అందరూ అనుకుంటారు. అసలు జరిగేది వేరు. వర్క్‌బుక్ మొత్తం, అన్ని షీట్లతో సహా, స్లైడ్ ఫైలు లోపలికి చేరుతుంది. మీరు ఎంచుకున్న ముక్క దానికి ఒక కిటికీ మాత్రమే. హైడ్ చేసిన వరుసలు ‘చక్కగా’ దాగి ఉన్నాయని మీకు అనిపించడానికి కారణం కూడా అదే. అవి పోలేదు, అసలు పుస్తకంలో ఎలా దాగి ఉన్నాయో ఇక్కడా అలాగే ఉన్నాయి.

కర్నూలులో ఒక సమావేశంలో నా కళ్ళముందే జరిగింది చెబుతాను. మాట్లాడుతున్నాయన తరువాతి స్లైడ్‌కి వెళ్దామని స్లైడ్ షో ఆపి, తొందరలో పట్టిక మీద రెండుసార్లు నొక్కాడు. గోడంత తెర మీద సిబ్బంది జీతాల షీట్ తెరుచుకుంది. దాన్ని మూయడానికి ఆయన పడ్డ టెన్షన్‌లో ఇంకో రెండు షీట్లు కూడా చూసేశాం. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. టీ తాగేటప్పుడు మాత్రం అందరూ అదే మాట్లాడుకున్నారు.

ఇది మన ఊళ్ళ అజాగ్రత్త మాత్రమే అనుకోకండి. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖ, సమాచారం అడుగుతూ వచ్చిన ఒక అర్జీకి ఎక్సెల్ ఫైలుతో జవాబిచ్చింది. అందులో దాచిన షీట్ ఒకటి ఉండిపోయింది. దాదాపు 9,500 మంది పోలీసులు, సిబ్బంది వివరాలు ఆ షీట్‌తో పాటు ఇంటర్నెట్‌లోకి వెళ్ళాయి. తరువాతి ఏడాది ఆ శాఖకు 7,50,000 పౌండ్ల జరిమానా పడింది. హైడ్ అంటే తీసేయడం కాదని తెలుసుకోవడానికి అంత డబ్బు అక్కర్లేదు.

ఇప్పుడు మీ పని. మీ అసలు పట్టికను ముట్టుకోకండి. కొత్త వర్క్‌బుక్ ఒకటి తెరవండి. కొత్త షీట్ కాదు, కొత్త ఫైలు. స్లైడ్‌కి వెళ్ళే అంకెలకు మీ అసలు ఫైలుతో సంబంధం తెగిపోవాలి.

ఏ వరుసలు ఉంచాలి? విత్తనానికి పప్పు ఏరేటప్పుడు కనిపించిందల్లా చేటలో వేసుకోం కదా. ఈ స్లైడ్ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి. మీ విషయంలో ఆ ప్రశ్న: డ్రిప్ సెట్ల తనిఖీ ఎక్కడ వెనకబడింది? అన్నిటికన్నా వెనకబడిన మండలం ఉండాలి, దాని తరువాతిది ఉండాలి. ఎంత బాగా చేయొచ్చో తెలియడానికి ముందున్న మండలం ఒకటి ఉండాలి. మధ్యలో ఒకటి. ఇవన్నీ దేనితో పోల్చాలో తెలియడానికి జిల్లా మొత్తం. ఐదు వరుసలు అయిపోయాయి. నిలువు వరుసల్లో కూడా మండలం, ఇచ్చిన సెట్లు, తనిఖీ అయినవి, శాతం చాలు. మీ పట్టికలో ఉన్న క్రమసంఖ్య, డివిజన్, ఫీల్డ్ ఆఫీసర్ ఫోన్ నంబర్ ఆ గోడ మీద ఎవరికీ అక్కర్లేదు.

మండలాల అంకెలు మార్చి చెబుతాను. గార్లదిన్నెలో 240 సెట్లకు 230, అంటే 96 శాతం. కళ్యాణదుర్గంలో 310కి 251, 81 శాతం. శెట్టూరులో 180కి 112, 62 శాతం. కుందుర్పిలో 205కి 84, 41 శాతం. జిల్లా మొత్తం 5,840కి 4,555, అంటే 78 శాతం.

అసలు ప్రమాదం ఆ చివరి వరుసలో ఉంది. మీరు పట్టికను ఎక్సెల్ టేబుల్‌గా మార్చి, Total Row పెట్టి ఉంటే, ఆ మొత్తం మామూలు SUM కాదు. అక్కడ ఉండేది ఇలాంటి ఫార్ములా:

```
=SUBTOTAL(109,[Sets])
```

ఈ 109 అనే అంకె ‘కనిపించే వరుసలనే కూడు’ అని చెబుతుంది. మీరు నాలుగు మండలాలకు ఫిల్టర్ పెట్టగానే జిల్లా మొత్తం చడీచప్పుడు లేకుండా 935కి, తనిఖీ అయినవి 677కి పడిపోతాయి. శాతం 72 అవుతుంది. పక్కన మాత్రం ‘జిల్లా మొత్తం’ అనే మాట అలాగే ఉంటుంది. ఎర్ర గుర్తు రాదు, హెచ్చరిక రాదు. నాలుగు మండలాల లెక్కను జిల్లా లెక్కగా చదివి కూర్చుంటారు. గుర్తుపట్టడం సులువే. ఫిల్టర్ పెట్టకముందు మొత్తాన్ని కాగితం మీద రాసుకోండి, స్లైడ్‌లో వచ్చినదానితో పోల్చండి. ఫిల్టర్ తీసేసి, మొత్తం వరుసను విడిగా కాపీ చేసి, కొత్త ఫైలులో Paste Special లో Values గా పెడితే ఇక ఆ అంకె కదలదు. శాతాలు పెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 31 మండలాల శాతాల సగటు జిల్లా శాతం కాదు. 4,555ని 5,840తో భాగించాలి.

మిగతా నాలుగు వరుసలకు ఫిల్టర్ వాడండి. ఫిల్టర్ చేసిన గళ్ళను కాపీ చేస్తే కనిపించేవే వస్తాయి. చేత్తో హైడ్ చేసినవాటికి ఆ సౌకర్యం లేదు, మీకు వచ్చిన చిక్కు అదే. హైడ్ చేసే అలవాటు మానలేకపోతే, గళ్ళు ఎంచుకున్నాక Alt+; నొక్కి, ఆ తరువాత Ctrl+C నొక్కండి. అప్పుడు కనిపించేవే వస్తాయి.

కొత్త ఫైలులో ఐదు వరుసలు సర్దాక వాటిని కాపీ చేసి, స్లైడ్‌లో Use Destination Styles అనే ఎంపికతో పేస్ట్ చేయండి. అప్పుడది పవర్‌పాయింట్ సొంత టేబుల్ అవుతుంది. దాని వెనక ఏ పుస్తకమూ ఉండదు. అక్షరాలు కనీసం 20 సైజులో ఉంచండి. ఐదు వరుసలకు చోటు బోలెడంత ఉంది.

హైలైట్ సంగతి రెండు నిమిషాల పని. ముందు Table Design లో Banded Rows టిక్ తీసేయండి. వరుస విడిచి వరుసకు రంగులుంటే మీ గడి వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. తరువాత 41 శాతం ఉన్న గడిలో కర్సర్ పెట్టి, Shading లో ముదురు రంగు, అక్షరాలకు తెలుపు, బోల్డ్. లేత పసుపు మాత్రం వద్దు. మన మీటింగు హాళ్ళలో ప్రొజెక్టర్ల దీపాలు మార్చేవాళ్ళే ఉండరు, కిటికీ పరదా సగం ఊడి ఉంటుంది. ఆ వెలుతురులో లేత పసుపుకీ తెలుపుకీ తేడా మీకు ఒక్కరికే తెలుస్తుంది. కొందరు గడి మీద ఎర్ర డబ్బా గీస్తారు. టేబుల్‌లో ఒక పదం ఎక్కువై వరుస ఎత్తు పెరిగితే డబ్బా అక్కడే ఉండిపోతుంది, గడి కిందికి జారుతుంది. శెట్టూరువాళ్ళు తిట్లు తింటారు. రంగు గడికే వేస్తే ఆ గొడవ లేదు. స్లైడ్ శీర్షికలో కూడా ‘కుందుర్పిలో సగం సెట్లకు కూడా తనిఖీ కాలేదు’ అని రాయండి. ‘మండలాల వారీ ప్రగతి’ అని రాస్తే చూసేవాళ్ళు ఏ గడి ఎందుకు చూడాలో వాళ్ళే వెతుక్కోవాలి.

‘ఇదంతా ఎందుకు సార్, స్క్రీన్‌షాట్ తీసి కత్తిరిస్తా’ అనేవాళ్ళూ రాస్తుంటారు. స్లైడ్‌లో బొమ్మను Crop చేస్తే కత్తిరించిన భాగం కూడా ఫైలులోనే ఉంటుంది. ఎవరైనా మళ్ళీ Crop నొక్కి అంచులు వెనక్కి లాగితే అదంతా బయటపడుతుంది. అలా చేసేవాళ్ళు Picture Format లో Compress Pictures తెరిచి, Delete cropped areas of pictures టిక్ పెట్టాలి. తెల్ల డబ్బాతో ఖాతా నంబర్లు కప్పేవాళ్ళ గురించి నాకు మాటలు లేవు.

ఇక్కడ నా కోపం వాడేవాళ్ళ మీద ఒక్కటే కాదు. ఒక గుంపు బొమ్మల్లో నాలుగు ఒకేలా కనిపించే పేస్ట్ గుర్తులు పెట్టి, వాటిలో ఒకటి పట్టికను ఇస్తే, పక్కది ఇంటి తాళాలు ఇచ్చేస్తుంది. ‘ఇందులో ఇంకో షీట్ ఉంది, దాన్నీ పంపాలా?’ అని ఒక్కసారి అడగడానికి ఏం బరువు? ఫాంటు మార్చినప్పుడల్లా సలహా ఇచ్చే సాఫ్ట్‌వేర్లు, ఇలాంటప్పుడు మాత్రం నోరు మెదపవు. ప్రతి అప్‌డేట్‌కీ మెనూలు జరుపుతారు, ఈ హెచ్చరిక మాత్రం పెట్టరు.

పంపేముందు పరీక్ష ఇది. ముందు పట్టిక మీద రెండుసార్లు క్లిక్ చేయండి. కర్సర్ గడిలో నిలబడితే సరే, ఎక్సెల్ తెరుచుకుంటే ఆగండి. పాత స్లైడ్లలో ఏముందో నమ్మకం లేకపోతే, ఫైలుకు ఒక నకలు తీసి, పేరు చివర .pptx తీసేసి .zip పెట్టి తెరవండి. లోపల ఇలాంటిది కనిపిస్తే వర్క్‌బుక్ ఇంకా అందులో ఉన్నట్టే:

```
ppt/embeddings/Microsoft_Excel_Worksheet.xlsx
```

స్లైడ్‌లో గ్రాఫు ఉంటే దానికీ ఇక్కడ ఒక ఫైలు కనిపిస్తుంది. తెరిచి చూడండి, గ్రాఫుకు కావలసిన అంకెలు మాత్రమే ఉంటే పర్వాలేదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎలాగూ ఎవరూ స్లైడ్ దిద్దరు కాబట్టి పీడీఎఫ్‌గా సేవ్ చేసి అదే పంపండి. మీ మేనేజర్ ‘పీపీటీనే కావాలి’ అంటే, ఆయన ముందే పట్టిక మీద రెండుసార్లు నొక్కి చూపించి ఇవ్వండి.