వార్నింగ్ లెటర్‌లో "అహంకారి" అనే మాట వద్దు

"మా టీమ్‌లో ఒకతను మీటింగుల్లో తోటివాళ్లను చిన్నబుచ్చుతున్నాడు. 'మీది అహంకార ప్రవర్తన' అని లెటర్ రాశాను. సరిపోతుందా?"

ఆ మాట తీసేయండి సార్. "నేను అలాంటివాణ్ణి కాదు" అని అతనంటే మీ దగ్గర జవాబుండదు. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే రాయండి. ఇలా:

"4వ తేదీ సమీక్షలో సహోద్యోగి లెక్కలు వివరిస్తుండగా మీరు మూడుసార్లు అడ్డుపడ్డారు. 'ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు' అన్నారు. ఆమె మిగతా స్లైడ్లు చూపించకుండా కూర్చున్నారు."

"కావాలనే అవమానించారు" అని రాయలేదు చూడండి. అతని మనసులో ఏముందో మనకు తెలియదు, ఆమె ఆగిపోవడం మాత్రం అందరూ చూశారు. "ఎప్పుడూ", "ప్రతిసారీ" కూడా వద్దు. అతను మర్యాదగా ఉన్న ఒక్క మీటింగ్ చూపిస్తే లెటర్ మొత్తం తేలిపోతుంది. కొటేషన్‌లో పెట్టే మాటను ముందు అక్కడున్న ఇద్దరిని విడివిడిగా అడిగి సరిచూసుకోండి. నేనొకసారి ఇది చేయక చాలా ఇబ్బందిపడ్డాను.

తర్వాత ఏం మారాలో రాయండి: "ఎదుటివారు ముగించాకే మాట్లాడండి. తప్పుంటే లెక్కలో ఎక్కడుందో చెప్పండి." మళ్లీ జరిగితే తీసుకునే చర్య, సమీక్ష తేదీ, అతని వివరణకు చోటు ఉండాలి. సంతకం లెటర్ అందినందుకే, ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా రాయండి.