అర కాగితం కథ

చిరంజీవి శేఖర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మీ సూపరింటెండెంటు గారి రిటైర్మెంట్ సభ కోసం నువ్వు రాసుకున్నది చదివాను. సెలవు చీటీ కథ బాగుంది. కానీ ఉన్నదున్నట్టు మైకులో చదివితే నవ్వు రాదు.

నువ్వు రాసింది ఇదీ: "‘అర కాగితం మీద రాసుకొస్తే సెలవిస్తాను’ అని సార్ ఆ రోజు నాతో నవ్వుతూ అన్నారు." నవ్వు పుట్టేది ‘అర కాగితం’ దగ్గర. అది మొదట్లోనే అనేసి, తర్వాత ఇంకా ఎంతో దూరం లాగావు. జనం నవ్వబోయేసరికి నువ్వింకా మాట్లాడుతూనే ఉంటావు, మర్యాదకి ఆగిపోతారు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి రాతలో ఈ చిక్కు తప్పదు. నోటిమాటలో అలా కాదు, క్రియ అయిపోయాక కూడా ఓ మాట తగిలిస్తాం. దాన్నే వాడుకో:

"దరఖాస్తు ఇచ్చాను. సార్ చదివారు. తిప్పి చూశారు. వెనకంతా ఖాళీ. అప్పుడేమన్నారంటే... సెలవిస్తానయ్యా. మళ్లీ రాసుకురా, అర కాగితం మీద."

‘నవ్వుతూ’ కొట్టేశాను. కథలో సార్ నవ్వేస్తే సభకి నవ్వడానికేం మిగలదు.

‘ఏమన్నారంటే’ తర్వాత ఒక్క ఊపిరి ఆగు. కాగితంలో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో, చివరి వాక్యం వేరే లైనులో రాసుకో. అది చూడకుండా జనాన్ని చూస్తూ చెప్పాలి. చెప్పాక నోరు కదపకు. నవ్వు సగానికి తగ్గాక తర్వాతి మాట ఎత్తుకో. నవ్వకపోతే మాత్రం విడమరిచి చెప్పకు, ఏమీ జరగనట్టు ముందుకెళ్లిపో.

ఇక "మన స్టోర్ రూమ్ సంగతి తెలిసిందే కదా" అన్నావు చూడు, అది తీసెయ్. ముందు వరుసలో సార్ భార్య, కోడలు, వియ్యంకుడు కూర్చుంటారు. వాళ్లకేం తెలుసు? ఓసారి మా తోటి ఉద్యోగి వీడ్కోలు సభలో నేనూ ఇలాగే క్యాంటీన్ జోకు ఒకటి వేశాను. ఆరుగురం పడీపడీ నవ్వాం. ఆయన భార్య మాత్రం మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నారు. ఆయన్నే ఏదో ఎగతాళి చేస్తున్నామనుకున్నారట.

దాని బదులు కథకి ముందు ఒకే వాక్యం పెట్టు: "మా సార్ వచ్చిన కవర్లు విప్పి, తిరగేసి అతికించి మళ్లీ వాడేవారు." కొత్తవాళ్లకి కూడా మనిషి కళ్లకు కడతాడు. ‘పొదుపరి’ అన్న మాట ఎక్కడా రానివ్వకు, చివర్లో ఏం వస్తుందో ముందే పసిగట్టేస్తారు. "ఒక జోకు చెప్తాను" అని మొదలుపెట్టినా అంతే.

ఆదివారం ఫోన్ చేసి చదివి వినిపించు. స్పీకర్‌లో పెట్టి మీ పెద్దమ్మని పక్కన కూర్చోబెడతాను. తనకి మీ ఆఫీసు ఏ వీధిలో ఉందో కూడా తెలీదు.

మీ పెదనాన్న