ఉచితంగా వచ్చిన మిక్సీ, కింద లింకు: వీడియోలో ఏం చెప్పాలి?

"నా వంటల ఛానెల్‌కు ఒక కంపెనీ మిక్సీ ఉచితంగా పంపింది. డబ్బు తీసుకోలేదు. కింద అఫిలియేట్ లింకు పెడుతున్నాను. ఇవన్నీ చెప్పాలా? ఎక్కడ చెప్పాలి?"

తప్పక చెప్పాలండి. మన దేశంలో ప్రకటనల రంగం తనకు తాను ఏర్పరచుకున్న నియంత్రణ సంస్థ ASCI 2021 జూన్ నుంచి అమలు చేస్తున్న మార్గదర్శకాల ప్రకారం, డబ్బు ముట్టకపోయినా ఉచితంగా వచ్చిన వస్తువు కూడా కంపెనీతో మీకున్న సంబంధం కిందకే వస్తుంది.

నేనూ వంటల వీడియోలు చేస్తాను. మూడేళ్ల క్రితం ఉచితంగా వచ్చిన ఒక గ్రైండర్‌లో గారెల పిండి రుబ్బి చూపించి, డిస్క్రిప్షన్ అడుగున పదిహేను హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య #ad అని పెట్టి, నా బాధ్యత తీరిందనుకున్నాను. రెండు నెలల తరువాత ఒకావిడ ఇలా రాశారు: "అక్కా, మీరు బాగుందన్నారని కొన్నాను. మీకు ఊరికే ఇచ్చారని ముందే తెలిస్తే ఇంకో రెండు చూసి కొనేదాన్ని." ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే నేను గ్రైండర్ గురించి అబద్ధమేమీ చెప్పలేదు గానీ, నా మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకునే అవకాశాన్ని ఆవిడకు ఇవ్వలేదు.

ఇప్పుడు మిక్సీని చేతిలోకి తీసుకోగానే, "దీన్ని కంపెనీ వారు నాకు ఉచితంగా పంపారు" అని నోటితోనే చెబుతాను. తెర మీద "ప్రకటన" అనే మాటను తెలుగులోనే వేస్తాను, ఎందుకంటే మన వీడియో చూసే పెద్దవారిలో చాలామందికి "కొలాబ్" అంటే అర్థం కాదు. రెండు నిమిషాలు, అంతకు మించిన వీడియోలో ఆ వస్తువు గురించి మాట్లాడినంతసేపూ ఆ మాట కనిపించాలి. 90 సెకన్ల వీడియోలో అయితే మూడో వంతు, అంటే 30 సెకన్లు ఉండాలి. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడికి టిక్ పెట్టండి, కానీ ఆ సూచన మొదట్లో కొద్ది సెకన్లే కనిపిస్తుంది కాబట్టి, మధ్యలో నుంచి చూసేవారికి అది చేరదు.

లింకు సంగతి వేరుగా చెప్పాలి. డిస్క్రిప్షన్ మొదటి రెండు వరుసల్లోనే, "మరిన్ని" నొక్కకుండా కనబడేలా, "ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని రాయండి. అమెజాన్ లింకైతే వారి ఒప్పందం కోరే As an Amazon Associate I earn from qualifying purchases అన్న వాక్యాన్ని కూడా చేర్చాలి. చాలామంది మరచిపోయే విషయం మరొకటుంది: లింకు నొక్కినవారు మిక్సీ కొనకుండా, నిర్ణీత గడువులోగా అదే సైట్‌లో మరేదైనా కొన్నా కమీషన్ రావచ్చు, కాబట్టి "ఈ మిక్సీ కొంటేనే" అని రాయడం నిజం కాదు.

"లేబుల్ తీసేయండి, డిస్క్రిప్షన్‌లో ఉంటే చాలు" అని ఒక కంపెనీ నన్ను అడిగింది. నేను కుదరదన్నాను, ఆ ఒప్పందం పోయింది. అప్పటి నుంచి లేబుల్ ఉంటుందనీ, లోపాలు కనబడితే చెబుతాననీ చిత్రీకరణకు ముందే మెయిల్‌లో రాయించుకుంటున్నాను.

మీ పాత వీడియోల్లో ఇలాంటివి ఉంటే, తెర మీద కొత్తగా అక్షరాలు వేయలేకపోయినా, పెయిడ్ ప్రమోషన్ టిక్ ఇప్పుడైనా పెట్టవచ్చు, డిస్క్రిప్షన్ పైవరుస మార్చవచ్చు, అదే మాటను కామెంట్‌గా రాసి పైన పిన్ చేయవచ్చు. నేను గ్రైండర్ వీడియోకు ఆ మూడూ చేసి, ఆవిడ కామెంట్ కింద జవాబిచ్చాను.