ఒక కంటి జబ్బు, మూడు రకాల గ్లియా కణాలు

ప్రశ్న: ఇంటర్‌లో గ్లియా అంటే "న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణాలు" అని ఒక్క లైనుతో సరిపెట్టారు. ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా, ఆలిగోడెండ్రోసైట్లు ఇంకేమైనా పని చేస్తాయా? అవి పాడైతే మనిషికి తెలుస్తుందా?

బాగానే తెలుస్తుంది. ఆస్ట్రోసైట్ల మీద మొదలై మిగతా రెండింటినీ ఈడ్చుకొచ్చే జబ్బు ఒకటుంది, న్యూరోమైలైటిస్ ఆప్టికా. దాన్ని పట్టుకునే చెబుతాను. నేను కర్నూలులో నర్సింగ్ విద్యార్థులకు ఫిజియాలజీ చెబుతాను. ఈ జబ్బు మా చిన్నాన్న కూతురికి వచ్చింది.

మొదట ఆమెకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, వాటితో పాటు వాంతులు. ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారని ఇంట్లో నవ్వుకున్నారు. ఎంతకీ ఆగకపోతే గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. ఎండోస్కోపీలో ఏమీ కనిపించలేదు. కొన్నాళ్ళకు వాటంతట అవే తగ్గిపోయాయి. ఆ తర్వాత ఎడమ కన్ను కదిలిస్తే లోపల నొప్పి అంది. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసి, "అన్నా, ఈ కంటికి ఎర్రగానే ఉండాయి, ఈ కంటికి మాత్రం రంగు వెలిసిపోయినట్టు కనపడతాండాయి" అంది.

ఎరుపు ఇలా వెలిసినట్టు కనబడడం కంటి నరం వాపులో తరచూ కనిపించే గుర్తు. కంటి డాక్టరు టార్చి వెలుగును ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి మార్చి వేశారు. కుడికంటి మీద వేస్తే రెండు కంటిపాపలూ చిన్నవయ్యాయి. ఎడమకంటి మీదికి మార్చగానే రెండూ పెద్దవయ్యాయి. అంటే ఎడమకంట్లో పడ్డ వెలుగు సంగతి మెదడుకు సరిగ్గా అందడం లేదు. కన్ను పైకి మాత్రం శుభ్రంగా ఉంది, అద్దాలు మార్చినా ఫలితం ఉండేది కాదు.

కంటి నరం పేరుకు నరమే గానీ, నిర్మాణంలో అది మెదడులో భాగం. సుమారు 10 లక్షల ఆక్సాన్లు అందులో వెళ్తాయి. వాటికి మైలిన్ పొర చుట్టేవి ఆలిగోడెండ్రోసైట్లు, మధ్యలో ఉండేవి ఆస్ట్రోసైట్లు. ఈ ఆస్ట్రోసైట్లు తమ కొమ్మల చివర్లను రక్తనాళాల గోడకు ఆనించి ఉంచుతాయి. ఆ చివర్లలో నీటిని అటూ ఇటూ పంపే దారులు దట్టంగా ఉంటాయి. ఆ ప్రొటీన్ పేరు ఆక్వాపోరిన్-4. న్యూరాన్లు పని చేస్తున్నప్పుడు బయటికి వచ్చే పొటాషియంను, గ్లుటమేట్‌ను ఆస్ట్రోసైట్లే తీసేసుకుంటాయి. గ్లుటమేట్‌ను గ్లుటమిన్‌గా మార్చి మళ్ళీ న్యూరాన్లకే ఇస్తాయి. తీసేవాళ్ళు లేకపోతే అదే గ్లుటమేట్ చుట్టుపక్కల కణాలను చంపేస్తుంది.

ఈ జబ్బులో ఒంట్లో ఆక్వాపోరిన్-4 మీదే యాంటీబాడీ తయారవుతుంది. 2004లో ఆ యాంటీబాడీని గుర్తించారు, అది దాడి చేసేది ఆక్వాపోరిన్-4 మీద అని 2005లో తేలింది. అంతకు ముందు దీన్ని మైలిన్ దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒక రకం అనుకునేవారు. ఎక్కిళ్ళ సంగతి కూడా దీంతోనే అర్థమవుతుంది. మెదడు కింది భాగంలో వాంతిని నియంత్రించే ఏరియా పోస్ట్రీమా అనే చోట రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డు సహజంగానే పలచన. అక్కడ ఆక్వాపోరిన్-4 కూడా ఎక్కువే. యాంటీబాడీకి అక్కడికి చేరడం తేలిక. కడుపులో ఎంత వెతికినా దొరకనిది అందుకే.

యాంటీబాడీ అతుక్కోగానే రక్తంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు వచ్చి ఆస్ట్రోసైట్ పొరకు చిల్లులు పెడతాయి, కణం చచ్చిపోతుంది. ఆలిగోడెండ్రోసైట్ల మీద ఈ యాంటీబాడీకి ఏ పగా లేదు, అయినా అవీ పోతాయి. వాటిని చూసుకునే ఆస్ట్రోసైట్ పోయింది, గ్లుటమేట్ పేరుకుంది, చుట్టూ వాపు. నాకు ఈ జబ్బులో ఎక్కువగా ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఎంఆర్ఐలో మైలిన్ జబ్బులా కనిపిస్తుంది గానీ మొదటి దెబ్బ పడింది ఇంకో కణం మీద.

ఆలిగోడెండ్రోసైట్ పోతే నష్టం రెండు రకాలు. ఒక్కో కణం పదుల కొద్దీ ఆక్సాన్ ముక్కలకు మైలిన్ చుడుతుంది, దానివల్లే సంకేతం ఒక సందు నుంచి ఇంకో సందుకు దూకుతూ వేగంగా వెళ్తుంది. మైలిన్ ఊడిపోతే సంకేతం నెమ్మదిస్తుంది లేదా మధ్యలోనే ఆగిపోతుంది. రెండోది చాలామందికి తెలియదు. ఆలిగోడెండ్రోసైట్లు ఆక్సాన్లకు లాక్టేట్ రూపంలో ఇంధనం కూడా ఇస్తాయి, అది అందకపోతే కొంతకాలానికి ఆక్సానే క్షీణిస్తుంది. ఈ తేడా వీఈపీ పరీక్షలో బయటపడుతుంది. నలుపు తెలుపు గళ్ళు అటూ ఇటూ మారే తెరను చూపిస్తారు, తల వెనక అంటించిన ఎలక్ట్రోడ్ ఆ స్పందనను నమోదు చేస్తుంది. మామూలుగా 100 మిల్లీసెకన్ల దగ్గర ఒక అల వస్తుంది. మైలిన్ మాత్రమే పోతే అల ఆలస్యంగా వస్తుంది, ఆక్సాన్లే పోతే అల చిన్నదైపోతుంది. మా చెల్లెలికి ఎడమవైపు అల బాగా చిన్నదిగా వచ్చింది. చూపు ఎంతవరకు తిరిగొస్తుందన్న భయం నాకు అప్పుడే పట్టుకుంది.

మైక్రోగ్లియా మెదడులోని కాపలా కణాలు. ఇవి పుట్టడం కూడా వేరే చోట, పిండదశలో యోక్ శాక్ నుంచి మెదడులోకి వస్తాయి. వాటి కొమ్మలు ఎప్పుడూ కదులుతూ చుట్టుపక్కల తడుముతుంటాయి. దెబ్బ తగిలిన చోట మైలిన్ ముక్కలను మింగి శుభ్రం చేస్తాయి. ఆ ముక్కలు అలాగే పడి ఉంటే కొత్త ఆలిగోడెండ్రోసైట్లుగా మారాల్సిన మూలకణాలు ముందుకు సాగవు, కాబట్టి ఈ శుభ్రత అయ్యాకే మరమ్మతు. అయితే ఇవే ఎక్కువ కాలం రెచ్చిపోయి ఉంటే వాపును పెంచే పదార్థాలు వదులుతాయి.

దాడి చేసేది ఏ కణం మీద అన్నది తెలియడం మందు దగ్గర అక్కరకొచ్చింది. ఎంఆర్ఐ చూసిన ఒక డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ మొదలుపెడదామన్నారు. న్యూరాలజిస్ట్ మాత్రం యాంటీబాడీ రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారు. ఇంటర్‌ఫెరాన్ ఈ జబ్బును ముదరబెట్టగలదు. ఆ లోపు మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ను సెలైన్లో రోజుకు ఒక గ్రాము చొప్పున ఐదు రోజులు ఎక్కించారు. చాలినంత మెరుగు లేకపోతే ప్లాస్మా మార్పిడి చేస్తారు, రక్తంలోని యాంటీబాడీని తీసేయడమే దాని పని. రిపోర్టు పాజిటివ్ వచ్చింది. యాంటీబాడీ తయారీకి మూలమైన బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ ఇప్పుడు వాడుతోంది, మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష చేశారు. ఒక్కో దాడి కొంత శాశ్వత నష్టం మిగులుస్తుంది, అందుకే బాగున్నప్పుడు కూడా మందు ఆపడానికి లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి లక్షణాలుండి ఆక్వాపోరిన్-4 పరీక్ష నెగెటివ్ వస్తే అక్కడితో వదలకండి. ఎంఓజీ యాంటీబాడీ పరీక్ష గురించి కూడా న్యూరాలజిస్టును అడగండి. అది ఆలిగోడెండ్రోసైట్ చుట్టిన మైలిన్ పైపొరలో ఉండే ప్రొటీన్ మీద తయారయ్యే యాంటీబాడీ. అందులో ఆస్ట్రోసైట్లు చాలావరకు మిగులుతాయి, చూపు కూడా సాధారణంగా ఇంకా బాగా తిరిగొస్తుంది.