మిల్లెట్ అంటే కొర్రలేనా?

తాడిపత్రి నుంచి వచ్చే నెల టెక్సాస్‌కు చదువుకు పోతున్న తమ్ముడు అడిగాడు: "అమ్మ కొర్రలే తినమంటోంది. అక్కడి సూపర్ మార్కెట్‌లో మిల్లెట్ చవగ్గా దొరుకుతుందంట. అవి కొర్రలేనా అన్నా, లేక ఇక్కడి నుంచే మోసుకుపోవాలా?"

తమ్ముడూ, ఈ పొరపాటు నేను డబ్బులు పెట్టి మరీ చేసినవాణ్ణి. సెలవుకు గుత్తికి వచ్చి ఉన్నా. అమ్మ చాటలో ఒక పక్క కొర్రలు, ఒక పక్క వరిగలు పోయించుకుని, వాటిని చూస్తూ రాస్తున్నా.

2008లో నేను అమెరికాకు పోయినప్పుడు డాలరు యాభై రూపాయలకు దగ్గర్లో ఉండేది. ఏ వస్తువు ముట్టుకున్నా మనసులో యాభైతో గుణించేవాణ్ణి. సూపర్ మార్కెట్‌లో మిల్లెట్ ప్యాకెట్ కనబడింది, పసుపుపచ్చగా, గుండ్రంగా. కొర్రలే అనుకుని రెండు తెచ్చుకున్నా. అవ్వ చెప్పిన కొలతతోనే, నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, ఫోన్లో మాట్లాడుకుంటూ మర్చిపోయా. మూత తీస్తే కొర్రన్నం కాదు, సంకటి. తప్పు నా వంటదే అనుకుని నెల రోజులు అదే తిన్నా.

అవి వరిగలు. అమెరికాలో ఒట్టి మిల్లెట్ అని అమ్మేది ఎక్కువగా ప్రోసో మిల్లెట్, అంటే మన వరిగే. కొర్రలైతే ఫాక్స్‌టెయిల్ మిల్లెట్ అని రాసి ఉండాలి. మనకు కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ అని వేరువేరు పేర్లుంటే అక్కడ అన్నిటికీ మిల్లెట్ అన్న ఒకే మాట, ముందు ఒక విశేషణం. ఆ విశేషణం లేకపోతే కొనొద్దు. వెనకవైపు శాస్త్రీయ నామం ఉంటే ఇంకా మేలు: సెటారియా ఇటాలికా అంటే కొర్ర, పానికమ్ మిలియేసియమ్ అంటే వరిగ.

కంటితో చూసి కూడా పట్టుకోవచ్చు. పొట్టు తీసినవి అరచేతిలో పక్కపక్కన పోసుకో. వరిగ గింజ పెద్దది, గుండ్రంగా ఉంటుంది, రంగు పాలిపోయిన పసుపు. కొర్ర చిన్నది, కొంచెం కోలగా, పసుపు ఎక్కువగా ఉంటుంది. ఒక్కటే చూస్తే మోసపోతావు, రెండూ పక్కన పెట్టుకుంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు.

నా రెండో తప్పు ఇంకా ఖరీదైనది. పెంపుడు జంతువుల షాపులో ఒకరోజు కొర్ర కంకులు వేలాడుతూ కనబడ్డాయి! చిలకలకు పెట్టే స్ప్రే మిల్లెట్ అంటే కొర్ర కంకేనమ్మా. మా చేలో చూసినంత సంతోషమైంది. కింద పక్షుల మేత సంచి, ప్యాకెట్ కొర్రల కంటే ఎంతో చవక. ఎత్తుకొచ్చేశా. ఇంటికొచ్చి చూస్తే అన్నీ పొట్టుతో మెరిసే గింజలు, ఎక్కువ వరిగలే. మిక్సీలో వేస్తే సగం నుజ్జు, సగం పొట్టుతోనే. చెరిగి చెరిగి వండితే పొట్టు గొంతులో గుచ్చుకుంది. మిక్సీ మోటారు కాలిపోయింది. సంచి డబ్బులు, మిక్సీ డబ్బులు కలిపితే ఏడాదికి సరిపడా కొర్రలు వచ్చేవి. పైగా ఆ మేత మనుషులు తినడానికి శుభ్రం చేసిందీ కాదు. మెరుస్తూ, గోటితో గీకితే పైపొర పెచ్చులా లేచిందంటే పొట్టు తీయని గింజ అని గుర్తు పెట్టుకో.

ఇండియన్ స్టోర్‌లో ఇంకో మెలిక ఉంది. తమిళంలో వరగు అని ఉంటే అది మన వరిగ కాదు, అరిక, అంటే కోడో మిల్లెట్. మన వరిగను వాళ్లు పనివరగు అంటారు. కన్నడ ప్యాకెట్ మీద బరగు అంటే మాత్రం మన వరిగే. కొర్రలను తమిళులు తినై అంటారు, కన్నడిగులు నవణె అంటారు. సరిహద్దులో పుట్టిన మనకు ఆమాత్రం తెలిసి ఉండాలి, కానీ సిటీలో పెరిగిన మీ తరానికి చెప్పక తప్పదు.

వరిగలు తినకూడదని కాదు. నేను ఇప్పటికీ తింటా, చవక కాబట్టి. కొర్రల కంటే త్వరగా ఉడుకుతాయి. నీళ్లు రెండు గ్లాసులకు తగ్గించి, పదిహేను నిమిషాలకే మూత తీసి చూడు. కొర్రల ధర పెట్టి వరిగలు కొనడమే నాకు మింగుడు పడనిది.

మోసుకుపోవడం సంగతికొస్తే, గింజల మీద కస్టమ్స్ నిబంధనలు వాళ్ల సైట్‌లో చూసుకో, తీసుకుపోతే డిక్లేర్ చెయ్యి. నన్నడిగితే పొట్టు తీసిన కొర్రలు ప్యాక్ చేయించి రెండు కిలోలు చాలు. ఒక గుప్పెడు విడిగా చిన్న కవర్లో పెట్టుకో, షాపులో పక్కన పెట్టి పోల్చుకోవడానికి. అన్నట్టు, తాడిపత్రిలో కొర్రలు కిలో ఎంతకు ఇస్తున్నారో మీ అమ్మనడిగి రాయి. గుత్తిలో నాకు ఎక్కువ చెప్పారని అనుమానం.