ఓపెన్ ప్లాటు రిజిస్ట్రేషన్: సబ్ రిజిస్ట్రార్ చూసేదేంటి, మనం చూసుకోవాల్సిందేంటి

ప్రశ్న: తెలంగాణలో 200 గజాల ఓపెన్ ప్లాటు కొంటున్నాం. రిజిస్ట్రేషన్‌కి ఎంతవుతుంది, ఏ కాగితాలు కావాలి? సబ్ రిజిస్ట్రార్ చూసి రిజిస్టర్ చేశారంటే ఇక ప్లాటు క్లియర్ అనుకోవచ్చా?

జవాబు:

అలా అనుకోకండి. అమ్మే మనిషికి నిజంగా హక్కు ఉందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదు. టైటిల్‌ని విచారించే అధికారం రిజిస్టరింగ్ అధికారికి లేదని 2025 ఏప్రిల్‌లో ఒక తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆయన చూసేవి వేరు. వచ్చింది డాక్యుమెంట్‌లో పేరున్న మనుషులేనా, సంతకం తమదేనని ఒప్పుకుంటున్నారా, డ్యూటీ సరిపోయిందా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, లేఅవుట్‌కి అనుమతి ఉందా అన్నవి చూస్తారు. అనుమతి లేని లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం కింద ఇచ్చిన ప్రొసీడింగ్ అడుగుతారు. 2020 ఆగస్టు 26 కంటే ముందే ఒకసారి రిజిస్టరైన ప్లాటైతే పాత డాక్యుమెంట్ చూసి చేస్తారు, కానీ రేపు ఇంటి పర్మిషన్‌కి వెళ్లినప్పుడు ఎల్ఆర్ఎస్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది.

ఖర్చు లెక్క తేలికే. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. మీరిచ్చే ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఉదాహరణకి మార్కెట్ విలువ గజం 6,000 అనుకుంటే 200 గజాలకి 12 లక్షలు. మీరు 15 లక్షలకి కొంటే 15 లక్షల మీదే లెక్క: 82,500, 22,500, 7,500, మొత్తం 1,12,500 రూపాయలు. మ్యుటేషన్, యూజర్ చార్జీల్లాంటి చిన్నవి దీనికి అదనం. ఆంధ్రాలో విడివిడి శాతాలు వేరైనా మొత్తం ఇదే 7.5.

12 లక్షలే చూపిస్తే 22,500 మిగులుతుందని ఎవరో ఒకరు చెప్తారు. దయచేసి వినకండి. ఆ మూడు లక్షలు క్యాష్‌లో ఇవ్వాలి, దానికి రసీదు ఉండదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 12 లక్షలే అని చూపించాలి కాబట్టి, ఆ మేరకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను పెరుగుతుంది.

కాగితాల విషయానికొస్తే ఇరువైపులా ఆధార్, పాన్, ఇద్దరు సాక్షులు, ఫోటోలు, చలాన్, లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్, ప్లాటు ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత లింకు డాక్యుమెంట్లు. అసలు పని లింకు డాక్యుమెంట్ల దగ్గరుంది. ఒరిజినల్స్ చేతిలో పట్టుకుని చూడండి, జిరాక్సులతో సరిపెట్టుకోవద్దు. ఒరిజినల్స్ ఎక్కడో తాకట్టులో ఉండి, ఆ తాకట్టు రిజిస్టర్ కాకపోతే, రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, అంటే ఈసీలో కనపడదు. కోర్టు కేసులు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు కూడా చాలావరకు అందులోకి రావు. అమ్మేది యజమాని తరఫున జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ ఉన్న మనిషైతే, జీపీఏ ఇచ్చిన యజమాని బతికే ఉన్నారా, దాన్ని రద్దు చేశారా అన్నది మీరే కనుక్కోవాలి.

మేం మేడ్చల్ వైపు కొన్నప్పుడు డ్రాఫ్ట్‌ని లింకు డాక్యుమెంట్ పక్కన పెట్టి షెడ్యూల్‌ని లైను లైనుగా చదివాం. పాత డాక్యుమెంట్‌లో సర్వే నంబరుకి, అందులో ఏ భాగమో చెప్పే బై నంబరు ఉంది. రైటర్ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో అది లేదు, ఉత్త సర్వే నంబరే ఉంది. చూడ్డానికి చిన్న తేడా. కానీ ఆ సర్వే నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమి, నిషేధిత జాబితాలో ఉంది. అలాగే వెళ్లుంటే కౌంటర్ దగ్గరే డాక్యుమెంట్ ఆగిపోయేది. ఈసీకీ ఇదే సూత్రం. నంబరు తప్పు కొడితే లావాదేవీలేమీ లేవని నిల్ ఈసీ వస్తుంది, మనం సంబరపడతాం. అందుకే registration.telangana.gov.in లో లింకు డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం ఇచ్చి ఒకసారి, సర్వే నంబరు, ప్లాటు నంబరు ఇచ్చి ఇంకోసారి తీయండి. మీ అమ్మకందారు కొన్న డాక్యుమెంటే ఈసీలో రాలేదంటే నంబర్లు ఎక్కడో కలవట్లేదన్నమాట.

ఆఫీసులో బయోమెట్రిక్‌కి ముందు చెక్ స్లిప్ ఇస్తారు. జనం ఎంత తొందరపెట్టినా పేర్లు, గజాలు, నాలుగు హద్దులు చదవనిదే ఓకే చెప్పకండి. ఆ దశలో తప్పు దొరికితే అక్కడే దిద్దుతారు. రిజిస్టరయ్యాక దొరికితే రెక్టిఫికేషన్ డీడ్ రాయించాలి, దానికి అమ్మినాయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి.

రిజిస్టర్ చేయం అన్నారంటే నోటిమాటతో వెనక్కి రావద్దు, కారణం రాసిన తిరస్కరణ ఉత్తర్వు అడగండి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 71 ప్రకారం అది ఇవ్వాలి. దాని మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కి అప్పీల్ చేసుకోవచ్చు.